ఇంటర్వ్యూ సమయాన్ని ఖరారు చేస్తూనే, అది ఎలా జరుగుతుందో, ఎవరెవరు ఉంటారో అడగడం ఎలా?

ఇంటర్వ్యూకు పిలుస్తూ వచ్చే ఈమెయిల్‌లో సాధారణంగా రెండు మూడు సమయాలు, వాటిలో మీకు అనుకూలమైనదేదో తెలియజేయమన్న ఒక వాక్యం ఉంటాయి, అంతకు మించి పెద్దగా వివరాలు ఉండవు. ఆ గంటసేపు మిమ్మల్ని మాట్లాడిస్తారో, ఏదైనా పని చేసి చూపించమంటారో, ఎదురుగా ఒకరుంటారో నలుగురుంటారో తెలియకుండానే మీరు సమాధానం రాయవలసి వస్తుంది. ఈ వివరాలు అడగడం తప్పేమీ కాదు, అడిగే అభ్యర్థులు చాలామందే ఉంటారు. అయితే అడిగిన తీరు వల్ల కొన్నిసార్లు అసలు సమయమే చేజారుతుంది, మరికొన్నిసార్లు ప్రశ్నకు జవాబు వచ్చినా దానితో ఏ ఉపయోగమూ ఉండదు. ఈ రెండూ జరగకుండా ఆ ఒక్క ఈమెయిల్‌ను ఎలా రాయాలో ఒక ఉదాహరణ పట్టుకుని వివరిస్తాను.

ఒక సంస్థలో డేటా అనలిస్ట్ ఉద్యోగానికి మీరు దరఖాస్తు చేశారనుకుందాం. నియామక విభాగం నుంచి మీకు ఇలా ఈమెయిల్ వచ్చింది: "మీ దరఖాస్తును పరిశీలించాము. తదుపరి దశలో మీతో వీడియో కాల్ ద్వారా ఇంటర్వ్యూ నిర్వహించదలిచాము. అక్టోబర్ 14 మంగళవారం ఉదయం 10:30, అక్టోబర్ 15 బుధవారం మధ్యాహ్నం 2:00, అక్టోబర్ 16 గురువారం సాయంత్రం 4:00 గంటల సమయాలు అందుబాటులో ఉన్నాయి. ఇంటర్వ్యూకు సుమారు గంట పడుతుంది. మీకు అనుకూలమైన సమయాన్ని అక్టోబర్ 10వ తేదీలోపు తెలియజేయగలరు."

మొదట, వచ్చిన ఈమెయిల్‌ను మళ్లీ చదవండి

ప్రశ్న రాయడానికి ముందు, దానికి జవాబు మీ దగ్గరే ఉందేమో చూసుకోవాలి. ఈమెయిల్‌తో పాటు వచ్చిన జోడింపులను తెరిచి చూడండి, క్యాలెండర్ ఆహ్వానం వచ్చి ఉంటే అందులోని వివరణను, ఆహ్వానితుల జాబితాను గమనించండి, ఉద్యోగ ప్రకటనలో ఎంపిక ఎన్ని దశల్లో జరుగుతుందో రాశారేమో కూడా ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఇంటర్వ్యూ చేసేవారి పేర్లు చాలాసార్లు ఆ ఆహ్వానితుల జాబితాలోనే కనిపిస్తాయి. చెప్పిన విషయాన్నే మళ్లీ అడిగితే, పంపినదాన్ని మీరు సరిగా చదవలేదన్న అభిప్రాయం కలుగుతుంది. మన ఉదాహరణలో ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరుగుతుందనీ, గంట పడుతుందనీ ముందే చెప్పారు, కాబట్టి ఆ రెండూ అడగనక్కర లేదు. ఆ గంటలో ఏం జరుగుతుంది, అందులో ఎవరు పాల్గొంటారు అన్నవే తెలియవలసినవి.

అంగీకారం ప్రశ్న మీద ఆధారపడకూడదు

మీ సమాధానాన్ని చదివేది ఎక్కువ సందర్భాల్లో ఇంటర్వ్యూ చేసే వ్యక్తి కాదు, సమయాలు కుదిర్చే పని చూసే ఉద్యోగి. ఆ ఉద్యోగి ఇద్దరు ముగ్గురు అధికారుల క్యాలెండర్లలో ఖాళీలు వెతికి, వాటిని తాత్కాలికంగా ఆపి ఉంచి, అవే సమయాలను ఒకరికి మించిన అభ్యర్థులకు పంపి ఉండవచ్చు. మీ ఈమెయిల్ తెరిచినప్పుడు ఆ వ్యక్తి ముందుగా వెతికేది, ఏ సమయాన్ని మీ పేరున ఖరారు చేయాలన్న ఒక్క విషయాన్నే. అది మొదట్లోనే కనిపించాలి.

అభ్యర్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఈ వాక్యంలో ఉంటుంది: "మంగళవారం నాకు వీలవుతుందని అనుకుంటున్నాను, ఈలోగా ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో, ఎవరెవరు ఉంటారో చెప్పగలరా?" రాసినవారి దృష్టిలో ఇది అంగీకారమే. చదివేవారికి మాత్రం, ప్రశ్నకు జవాబు వచ్చాక అభ్యర్థి నిర్ణయం చెబుతారన్నట్టు వినిపిస్తుంది. జవాబు చెప్పాలంటే ఆ ఉద్యోగి సంబంధిత మేనేజర్‌ను అడగాలి, ఆ మేనేజర్ తీరిక చేసుకుని చెప్పాలి, అందుకు ఒక రోజో రెండు రోజులో పడుతుంది. ఈలోగా మరో అభ్యర్థి "మంగళవారం ఉదయం 10:30కి హాజరవుతాను" అని రాస్తే ఆ సమయం వారికి వెళ్తుంది. "అనుకుంటున్నాను", "వీలైతే", "ఈలోగా", "వివరాలు తెలిశాక" వంటి మాటలన్నీ అంగీకారాన్ని సగంలో నిలిపివేసేవే.

మీరు రాసినది సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మీ ఈమెయిల్ నుంచి ప్రశ్నలున్న భాగాన్ని పూర్తిగా తీసివేసి, మిగిలినదాన్ని చదవండి. అది దానంతట అదే సంపూర్ణమైన అంగీకారంగా నిలబడాలి, అవతలివారు మీ ప్రశ్నలకు ఎప్పటికీ జవాబివ్వకపోయినా మీ సమయం ఖరారై ఉండాలి. అలా నిలబడకపోతే వాక్యాన్ని మార్చండి.

అంగీకార వాక్యంలో ఏముండాలి

వారం, తేదీ, సమయం మూడూ కలిపి రాయండి. "మంగళవారం సరే" అంటే ఏ మంగళవారమో స్పష్టం కాదు, "14 సరే" అంటే ఏ పూటో తెలియదు. మూడూ రాయడంలో ఇంకో లాభం ఉంది: వారానికీ తేదీకీ పొంతన లేకుండా ఆహ్వానం వచ్చి ఉంటే, ఆ తప్పు ఇక్కడే బయటపడుతుంది. అందుకే రాసేముందు క్యాలెండర్ తెరిచి, ఆ తేదీ నిజంగా ఆ వారమే అవునో కాదో చూసుకోండి. కాకపోతే "ఆహ్వానంలో 14వ తేదీ బుధవారం అని ఉంది, 14 మంగళవారం అవుతుంది, నేను 14 మంగళవారాన్నే ఖరారు చేస్తున్నాను, సరిచూడగలరు" అని ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది.

సంస్థ వేరే దేశంలో ఉంటే సమయ మండలాన్ని తప్పక రాయాలి. ఆహ్వానంలో వారు ఏ మండలాన్ని పేర్కొన్నారో దాన్ని యథాతథంగా రాసి, పక్కనే మీ సమయాన్ని కూడా ఇవ్వండి: "మీ సమయం ప్రకారం ఉదయం 10:30, నా సమయం ప్రకారం మధ్యాహ్నం 3:00." మీ లెక్క తప్పైతే వారు వెంటనే గుర్తించగలుగుతారు. కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట ముందుకో వెనక్కో జరుపుతారు కాబట్టి, ఈరోజు ఉన్న తేడాను చూసి లెక్కించవద్దు, ఇంటర్వ్యూ రోజున ఉండే తేడాను చూడండి. ఆహ్వానంలో మండలం ప్రస్తావనే లేకపోతే దాన్ని ఊహించి వదిలేయకుండా, "ఇది మీ కార్యాలయ సమయమని భావిస్తున్నాను" అని రాయండి.

ఇచ్చిన వాటిలో ఒక్క సమయాన్నే ఎంచుకోండి. "మూడింటిలో ఏదైనా పర్వాలేదు" అనడం మర్యాదగా అనిపిస్తుంది కానీ, దానివల్ల ఎంపిక భారం తిరిగి వారి మీద పడి, మరో ఈమెయిల్ అవసరమవుతుంది.

పద్ధతి గురించి అడగడం

"ఇంటర్వ్యూ ఫార్మాట్ ఏమిటి?" అని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు "వీడియో కాల్" అనే ఉంటుంది. అది మీకు ముందే తెలుసు. తప్పు జవాబిచ్చినవారిది కాదు, ఫార్మాట్ అన్న మాటలో కాల్ పద్ధతి, కాలవ్యవధి, దశలు, పరీక్ష అన్నీ కలిసిపోయి ఉన్నందువల్ల చదివేవారు వాటిలో సులువైనదాన్ని ఎంచుకుని చెబుతారు. కాబట్టి మీకు తెలియవలసినదాన్ని పేరు పెట్టి అడగండి, వీలైతే జవాబు ఎంచుకునేలా అడగండి.

మీ ఉద్యోగానికి సహజంగా వర్తించే రెండు మూడు అవకాశాలను ప్రశ్నలోనే పెట్టండి. డేటా అనలిస్ట్ ఉద్యోగానికైతే ఇలా అడగవచ్చు: "ఇంటర్వ్యూ పూర్తిగా సంభాషణ రూపంలో ఉంటుందా, లేక ఆ సమయంలో స్క్రీన్ మీద చేసి చూపవలసిన అభ్యాసం ఏదైనా ఉంటుందా, లేక ముందే సిద్ధం చేసుకుని రావలసినది ఏదైనా ఉందా?" దీనికి అవతలివారు ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలరు, తమకు తెలియకపోతే మీ వాక్యాన్నే మేనేజర్‌కు పంపి అడగగలరు. బోధన ఉద్యోగానికైతే ఈ చోట నమూనా పాఠం, రూపకల్పన ఉద్యోగానికైతే గత పనుల ప్రదర్శన, అమ్మకాల ఉద్యోగానికైతే పాత్రాభినయం వస్తాయి. మూడు అవకాశాలను మించవద్దు, మించితే అది ప్రశ్నావళిలా కనిపిస్తుంది.

ఈ మూడు జవాబులకూ మీరు చేసుకునే సిద్ధత పూర్తిగా వేరు. సంభాషణ అయితే మీరు చేసిన పనుల్లోంచి నాలుగైదు సందర్భాలను ఎంచుకుని, ఒక్కోదాన్ని రెండు మూడు నిమిషాల్లో చెప్పేలా తయారు కావాలి. స్క్రీన్ మీద చేయవలసిన అభ్యాసమైతే ఎస్‌క్యూఎల్ ప్రశ్నలనో స్ప్రెడ్‌షీట్ పనినో ఒకరు చూస్తుండగా, చేస్తున్నది బయటికి చెబుతూ చేసే అలవాటు కావాలి, స్క్రీన్ పంచుకునే ఏర్పాటు మీ కంప్యూటర్‌లో పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి. ముందే తయారు చేసి తేవలసినది ఉంటే అసలు సమస్య సమయమే, కాబట్టి ఆ విషయం ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు.

దాటకూడని హద్దు ఒకటి ఉంది. పద్ధతి అడగవచ్చు, ప్రశ్నలు అడగకూడదు. "ఏ అంశాల మీద ప్రశ్నలు వస్తాయి?" అన్న వాక్యం పరీక్షపత్రం ముందే చూపించమన్నట్టు ఉంటుంది. అదే "నేను ప్రత్యేకంగా సిద్ధమై రావలసినది ఏదైనా ఉంటే తెలియజేయగలరు" అంటే, చెప్పదలచుకున్నంత చెప్పే స్వేచ్ఛ వారికి ఉంటుంది.

ఎవరు పాల్గొంటారని అడగడం

ఇక్కడ పేర్ల కంటే హోదాలే మీకు ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. ఎదురుగా ఉన్నది మీరు చేరబోయే బృందం మేనేజర్ అయితే, పని ఎలా పంచుకుంటారు, గడువులు తప్పినప్పుడు ఏం చేస్తారు అన్న వైపు మాట సాగుతుంది. అదే స్థాయిలో పనిచేసే సీనియర్ అనలిస్ట్ అయితే లోతైన సాంకేతిక ప్రశ్నలు రావచ్చు. వేరే విభాగం నుంచి వచ్చిన వ్యక్తి అయితే, సాంకేతిక పదాలు వాడకుండా మీ పనిని వివరించగలరా అన్నది చూస్తారు. మానవ వనరుల విభాగం వారైతే మీ ఉద్యోగ చరిత్ర, మారడానికి కారణం వంటివి అడుగుతారు. ఒకే పనిని ఈ నలుగురికీ నాలుగు విధాలుగా చెప్పవలసి ఉంటుంది.

అయితే కొన్ని సంస్థలు ఇంటర్వ్యూ చేసేవారి పేర్లను ముందుగా చెప్పకూడదన్న నియమం పెట్టుకుంటాయి, మరికొన్ని చోట్ల ఆ రోజు వరకూ ఎవరు కూర్చుంటారో ఖరారు కాదు. "ప్యానెల్ సభ్యుల పేర్లు పంపగలరు" అని మాత్రమే రాస్తే, ఈ రెండు సందర్భాల్లోనూ వారు కాదనవలసి వస్తుంది, కాదనడం ఇబ్బందిగా అనిపించి జవాబివ్వకుండా ఊరుకుంటారు. అందువల్ల వారు సులువుగా ఇవ్వగలిగే రెండో జవాబును మీరే సూచించండి: "పేర్లు తెలపడం వీలు కాని పక్షంలో వారి హోదాలు తెలిపినా సరిపోతుంది." పాల్గొనేవారు ఒకరికి మించి ఉండవచ్చనిపిస్తే, అందరూ కలిసి ఒకేసారి మాట్లాడతారా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారా అన్నది కూడా అదే వాక్యంలో అడగవచ్చు.

ఎందుకు అడుగుతున్నారో నాలుగు మాటల్లో చెప్పండి. "తగిన విధంగా సిద్ధమయ్యేందుకు" అన్నది చాలు. కారణం లేకుండా ఎవరు వస్తున్నారని అడిగితే, తెలిసినవారున్నారేమో కనుక్కుంటున్నట్టుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది. తుది నిర్ణయం ఎవరిదని అడగడం కూడా ఈ దశలో సరికాదు.

ఈ ఈమెయిల్‌లో చేర్చకూడనివి

జీతం, సెలవులు, ఇంటి నుంచి పని చేసే వీలు, ఫలితం ఎప్పుడు చెబుతారన్నవి న్యాయమైన ప్రశ్నలే, కానీ వాటికి ఈ ఈమెయిల్ చోటు కాదు. అవి చేరితే మీరు అడిగిన రెండు చిన్న ప్రశ్నలు వాటి మధ్య మరుగున పడతాయి. దీనికి ఒక మినహాయింపు ఉంది. వినికిడి, చూపు, కదలిక, ఆరోగ్యం వంటి కారణాల వల్ల మీకు ఏదైనా ఏర్పాటు అవసరమైతే, ఉదాహరణకు వీడియో కాల్‌లో మాటలు అక్షరాల్లో కనిపించడం వంటిది, దాన్ని ఇప్పుడే, విడిగా ఒక చిన్న పేరాలో రాయండి. ఏర్పాటు చేయడానికి వారికి సమయం కావాలి, ఇంటర్వ్యూ రోజు ఉదయం చెబితే వీలుపడకపోవచ్చు.

పూర్తి సమాధానం

మన ఉదాహరణకు సమాధానం ఇలా ఉంటుంది. ఆహ్వానం ఏ భాషలో వచ్చిందో ఆ భాషలోనే రాయడం మంచిది, వాక్యాల వరుస మాత్రం ఇదే ఉంచండి.

> నమస్కారం.
>
> ఇంటర్వ్యూకు ఆహ్వానించినందుకు కృతజ్ఞతలు. అక్టోబర్ 14, మంగళవారం ఉదయం 10:30 గంటలకు వీడియో కాల్ ద్వారా జరిగే ఇంటర్వ్యూకు హాజరవుతానని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.
>
> తగిన విధంగా సిద్ధమయ్యేందుకు రెండు వివరాలు తెలుసుకోగోరుతున్నాను. ఇంటర్వ్యూ పూర్తిగా సంభాషణ రూపంలో ఉంటుందా, లేక స్క్రీన్ మీద చేసి చూపవలసిన అభ్యాసం గానీ, ముందుగా సిద్ధం చేసుకోవలసినది గానీ ఉంటుందా? ఇందులో ఎవరెవరు పాల్గొంటారు? పేర్లు తెలపడం వీలు కాని పక్షంలో వారి హోదాలు తెలిపినా సరిపోతుంది.
>
> ఆ రోజు కాల్‌లో ఏదైనా అంతరాయం కలిగితే నన్ను దిగువ ఇచ్చిన ఫోన్ నంబరులో సంప్రదించగలరు.
>
> భవదీయ,
> మీ పూర్తి పేరు
> ఫోన్ నంబరు
> దరఖాస్తు చేసిన ఉద్యోగం పేరు

కృతజ్ఞతలు ఒక్క వాక్యానికి మించలేదు, అంగీకారానికి ఏ షరతూ లేదు, ప్రశ్నలు వేరే పేరాలో ఉన్నాయి. ఫోన్ నంబరు దరఖాస్తులో ఉన్నా ఇక్కడ మళ్లీ ఇవ్వడం అవసరం, ఎందుకంటే కాల్ తెగిన నిమిషంలో మీ దరఖాస్తును ఎవరూ వెతకరు.

పంపేటప్పుడు

కొత్త ఈమెయిల్ మొదలుపెట్టకుండా, వచ్చిన ఈమెయిల్‌కే రిప్లై ఇవ్వండి, సబ్జెక్ట్ లైన్‌ను మార్చవద్దు. ఆ ఈమెయిల్ సీసీలో ఇతరులు ఉంటే వారు ఎవరో చూడండి. సంస్థకు చెందినవారైతే అందరికీ రిప్లై ఇవ్వడమే సరైనది, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు తెలిసినవారు వారిలోనే ఉండవచ్చు. పొరపాటున ఇతర అభ్యర్థుల చిరునామాలు కనిపిస్తే, పంపినవారికి మాత్రమే రాయండి.

క్యాలెండర్ ఆహ్వానం వచ్చి ఉంటే అందులో అంగీకరించే బటన్ నొక్కండి, కానీ దానితో సరిపెట్టవద్దు. బటన్ నొక్కితే మీ అంగీకారం నిర్వాహకుల క్యాలెండర్‌లో నమోదవుతుంది, ఆ ఆహ్వానానికి జోడించి రాసిన ప్రశ్నను మాత్రం ఎవరూ చదవకపోవచ్చు. సంస్థ ఇచ్చిన పేజీలో మీరే సమయం ఎంచుకునే పద్ధతి ఉంటే, అక్కడ ఎంచుకోవడంతోనే అంగీకారం పూర్తవుతుంది. అప్పుడు ప్రశ్నలను ఈమెయిల్‌లో పంపేముందు, ధ్రువీకరణ వచ్చిన చిరునామా జవాబులు స్వీకరించేదో కాదో చూడండి. "noreply" అని మొదలయ్యే చిరునామాకు రాసినది ఎవరికీ చేరదు, మిమ్మల్ని మొదట సంప్రదించిన వ్యక్తికే రాయాలి.

ఆహ్వానం అందిన రోజు గానీ మర్నాడు గానీ సమాధానం పంపండి. మన ఉదాహరణలో గడువు 10వ తేదీ వరకు ఉంది, కానీ అప్పటిదాకా ఆగితే ప్రశ్నకు జవాబు రావడానికి మిగిలేది 13వ తేదీ సోమవారం ఒక్కటే.

జవాబు వచ్చాక, రాకపోతే

మన ఉదాహరణలో జవాబు ఇలా వచ్చిందనుకుందాం: "బృందం మేనేజర్, సీనియర్ అనలిస్ట్ ఇద్దరూ కలిసి పాల్గొంటారు. మొదటి 40 నిమిషాలు సంభాషణ, తర్వాత చిన్న డేటా అభ్యాసం ఉంటాయి." ఇది మంచి జవాబు. కృతజ్ఞతలు తెలుపుతూ, ఏర్పాటుకు సంబంధించిన ఒకే ఒక ప్రశ్నను చేర్చవచ్చు: "అభ్యాసానికి నా కంప్యూటర్‌లో ఏదైనా సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంచుకోవాలా?" దీనికి మించి అడగవద్దు. పేర్లు కూడా తెలిస్తే వారి వృత్తిపరమైన ప్రొఫైల్‌ను చదవండి, ఏ పని చేసి ఈ స్థానానికి వచ్చారో గమనించండి, కానీ ఇంటర్వ్యూకు ముందు వారికి నేరుగా సందేశం పంపడం నా దృష్టిలో మంచిది కాదు.

కొన్నిసార్లు "మీ సమయం ఖరారైంది" అన్న ఒక్క వాక్యమే వస్తుంది, ప్రశ్నల ప్రస్తావన ఉండదు. వెంటనే గుర్తు చేయకండి, వారు మేనేజర్ జవాబు కోసం ఎదురు చూస్తూ ఉండవచ్చు. ఇంటర్వ్యూకు ఒక పనిదినం ముందు ఒక్కసారి మాత్రమే రాయండి, అదీ వారు ఎలాగూ పంపవలసిన విషయంతో కలిపి రాయండి: "రేపు ఉదయం 10:30 గంటల ఇంటర్వ్యూకు సిద్ధంగా ఉన్నాను. వీడియో కాల్ లింకు ఇంకా అందలేదు, పంపగలరు. వీలైతే పాల్గొనేవారి హోదాలను కూడా తెలపగలరు." లింకు కోసం జవాబు ఇవ్వక తప్పదు కాబట్టి, రెండో విషయానికి కూడా చాలాసార్లు అందులోనే సమాధానం దొరుకుతుంది.

అప్పటికీ తెలియకపోతే సంభాషణకూ, స్క్రీన్ మీద చేసే పనికీ రెండింటికీ సిద్ధపడి వెళ్లండి. కాల్ మొదలై పరస్పర పరిచయాలు జరిగే సమయంలో, ఎదురుగా ఉన్నవారిని వారి పాత్ర ఏమిటని అడగడం పూర్తిగా సహజం: "మీరు ఈ బృందంలో ఏ బాధ్యతలు చూస్తారో తెలుసుకోవచ్చా?" ముందుగా చెప్పిన వ్యక్తికి బదులు మరొకరు వచ్చినా ఇదే ప్రశ్న పనికొస్తుంది. వారు చెప్పిన పేరునూ హోదానూ అప్పుడే కాగితం మీద రాసుకోండి, ఇంటర్వ్యూ తర్వాత కృతజ్ఞతలు తెలుపుతూ రాసే ఈమెయిల్‌లో అవి తప్పు పోకూడదు.